మొటిమ ఎర్రగా ఉందా, నల్లగా ఉందా?

మొటిమ తీరును బట్టే దానికి శాలిసిలిక్ యాసిడ్ రాయాలా, బెంజాయిల్ పెరాక్సైడ్ రాయాలా అన్నది తేలుతుంది. మొటిమ పుట్టేది రోమకూపంలో. చర్మం లోపల తయారైన జిడ్డు ఆ సన్నని రంధ్రం గుండానే పైకి రావాలి. రాలిపోవాల్సిన మృతకణాలు జిడ్డుతో కలిసి ముద్దకట్టి దారి మూసేస్తే అక్కడ చిన్న బుడిపె లేస్తుంది. పైభాగం మూసుకుపోతే వైట్‌హెడ్, తెరుచుకుని ఉంటే నల్లబడి బ్లాక్‌హెడ్. ఆ నలుపు మురికి కాదు, ఎంత రుద్దినా పోదు.

శాలిసిలిక్ యాసిడ్ పని ఇక్కడే. ఇది నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగి, అతుక్కుపోయిన మృతకణాలను వదులు చేస్తుంది. సాధారణంగా 0.5 నుంచి 2 శాతం దాకా దొరుకుతుంది. బాక్టీరియా మీద మాత్రం దీని ప్రభావం తక్కువ.

మూసుకున్న రంధ్రంలో గాలి అంతగా ఆడదు. క్యూటీబాక్టీరియం యాక్నెస్ అనే బాక్టీరియాకు కావాల్సింది అదే. అది పెరిగి, శరీరం దానిపై తిరగబడితే ఎరుపు, నొప్పి, చీము వస్తాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ చర్మంలో విడిపోయి, ఆ బాక్టీరియాను దెబ్బతీసే చురుకైన అణువులను వదులుతుంది. యాంటీబయాటిక్ క్రీములకు బాక్టీరియా అలవాటుపడినట్టు దీనికి అలవాటుపడదు. అందుకే క్లిండమైసిన్ లాంటి యాంటీబయాటిక్ జెల్‌కు డాక్టర్లు దీన్ని జోడిస్తారు.

ఒక 19 ఏళ్ల అమ్మాయికి నుదురు, ముక్కు మీద గరుకుగా బుడిపెలు, బుగ్గలపై నాలుగైదు ఎర్రటి మొటిమలు ఉన్నాయనుకుందాం. నుదుటికి, ముక్కుకు 2 శాతం శాలిసిలిక్ యాసిడ్, బుగ్గలకు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ సరిపోతాయి. జెల్‌ను మొటిమ నెత్తిన చుక్కలా పెట్టకుండా, మొటిమలు వచ్చే చోటంతా పలుచగా రాయాలి, ఎందుకంటే రేపటి మొటిమ ఇవాళ కంటికి కనపడదు. మొదట్లో రోజు విడిచి రోజు చాలు. పది శాతం జెల్ కొంటే త్వరగా తగ్గుతుందని చాలామంది ఆశ. నా మాట వింటే కొనకండి. 2.5 శాతంతో దాదాపు అంతే ఫలితం వస్తుంది, మంట, పొట్టు రాలడం తక్కువ. మనలాంటి చామనఛాయ చర్మంలో మంట రేగిందంటే మొటిమ పోయినా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

అన్నట్టు, బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది. రాత్రి రాసుకుంటే దిండుకు తెల్ల గలీబు వేయండి, రంగు టవల్ వాడకండి. ట్యూబును ఎండలో, కారులో వదిలేయొద్దు. వేడికి అందులో బెంజీన్ అనే హానికర పదార్థం ఏర్పడొచ్చు. ఆస్పిరిన్ పడనివాళ్లు శాలిసిలిక్ యాసిడ్ జోలికి పోకపోవడం మంచిది.

రెండింటికీ ఆరు నుంచి ఎనిమిది వారాలు టైమ్ ఇవ్వాలి. నుదుటి నిండా ఒకే సైజులో దురదపెట్టే పొక్కులుంటే అది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు. చర్మం లోతున గట్టి గడ్డల్లా ఉండి నొప్పి పెడుతుంటే ఈ రెండూ చాలవు. గుంటలు పడకముందే చర్మ వైద్యులకు చూపించాలి.