కౌంటర్ వేయలేని స్నేహితుడు: అపోహలు - వాస్తవాలు

అపోహ: తిరిగి పంచ్ వేయలేనివాడికి హాస్యం తెలియదు.

వాస్తవం: జోకు అర్థం కావడం వేరు, అప్పటికప్పుడు ఇంకో జోకు కట్టడం వేరు. రెండోదానికి టైము చాలా తక్కువ. 10 భాషల సంభాషణల్ని కొలిచిన 2009 నాటి పరిశోధన ప్రకారం, ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి సగటున 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు పడుతుంది. బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనిషికి దాదాపు 600 మిల్లీసెకన్లు కావాలి. అంటే కౌంటర్ వేసేవాడు అవతలివాడి మాట అవ్వకముందే తన మాట కట్టేసుకుంటున్నాడు.

ఈ పందెంలో కొందరు మొదటే వెనకబడతారు. నలుగురూ నవ్వగానే భయస్తుడి ధ్యాస జోకు మీద ఉండదు. తన మొహం ఎర్రబడిందా, గొంతు వణుకుతోందా అన్నదాని మీదకి పోతుంది. నత్తి ఉన్నవాడికి జవాబు తెలుసు, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు. ఆటిజం ఉన్న కొందరు ముందు మాటను మాటగానే తీసుకుంటారు, వెటకారం కాస్త ఆగి తడుతుంది. ఎదురు మాట్లాడితే వీపు విమానం మోత మోగిన ఇంట్లో పెరిగినవాడికి నోరు మూసుకోవడమే అలవాటు. ఈ నలుగురూ ఒకేలా నవ్వి ఊరుకుంటారు, కారణాలు మాత్రం వేరు.

అపోహ: ఆటపట్టిస్తే మామూలు మనిషి ఎవడైనా సరదాగానే జవాబిస్తాడు.

వాస్తవం: భాషా పరిశోధకుడు పాల్ డ్రూ రికార్డయిన సంభాషణలు పరిశీలించి 1987లో రాసింది దీనికి ఉల్టా. ఏడిపిస్తున్నారని తెలిసినవాళ్లు కూడా ఎక్కువసార్లు సీరియస్‌గానే, అసలు విషయం చెబుతూ జవాబిస్తారు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పే జవాబును తప్పు పట్టక్కర్లేదు. దాన్ని వాడుకోవడం తెలియాలి, అంతే.

గుంటూరు బ్రాడీపేటలో బజ్జీల బండి దగ్గర ఐదుగురు చేరారనుకుందాం. ఒకడు లేటు. "ఏరా, ఆ స్కూటీలో పెట్రోలు పోస్తున్నావా, టీ పోస్తున్నావా?" అన్నాడొకడు. వచ్చినవాడు "లేదురా, గేటు పడింది" అన్నాడు. వెంటనే ఇంకొకడు "గేటు పడిందా, నువ్వు పడ్డావా?" అన్నాడు. మూడోవాడు అందుకునేసరికి వీడు నవ్వుతూ ఫోను తీశాడు. పోయింది రెండో పంచ్ దగ్గరే. సూటి జవాబు వచ్చిందంటే వాడి దగ్గర కౌంటర్ లేదని అర్థం. అక్కడ ఇంకోటి వేస్తే ఆట కాదు, దాడి.

అదే చోట "ఆ గేటు పడితే పెళ్లి ముహూర్తం కూడా దాటిపోద్దిరా బాబూ" అని చూడండి. నవ్వు వాడి మీద నుంచి గేటు మీదకి వెళ్లింది. వాడు "ఒక బండి కాదురా, రెండు పోయాయి" అన్నా చాలు, నవ్వుతారు. వాడు చెప్పిన విషయమే జోకుకి సరుకైంది, వాడు ఏమీ కల్పించనక్కర్లేకుండా.

అపోహ: నాలుగు కౌంటర్లు నేర్పిస్తే సరిపోతుంది.

వాస్తవం: బట్టీ పట్టిన కౌంటర్ సందర్భానికి అతకదు, అతకనప్పుడు ఇంకా నవ్వులపాలవుతాడు. బదులు వాణ్ణి జడ్జిని చేయండి: "ఎవడిది బాగుందో నువ్వు చెప్పు". ఇది ఉత్తుత్తి పదవి కాకూడదు, వాడి తీర్పు చెల్లాలి. వాట్సాప్ గ్రూపులో ఇలాంటివాళ్లే ఒక్కోసారి అందరికన్నా బాగా రాస్తారు, అక్కడ గడియారం లేదు కనుక. పది నిమిషాలాగి వచ్చిన పంచ్‌కి నవ్వండి. "ఇప్పుడు తట్టిందా?" అన్నారో, మళ్లీ రాయడు.

అపోహ: "పాపం, వాణ్ణి వదిలేయండ్రా" అనడం మంచితనం.

వాస్తవం: అందరి ముందూ అంటే అది ఇంకో ముద్ర. వాడికి ఏది పడదో బండి మీద ఇంటికి వెళ్లేటప్పుడు ఒకడే అడగాలి. "నీకేమన్నా ఇబ్బందా?" అంటే "అబ్బే, లేదురా" అనే వస్తుంది. "లేటుగా వస్తావని ఏసుకోవచ్చా? స్కూటీ మీద? ఉద్యోగం మీద వద్దా?" అని విడివిడిగా అడిగితే నిజం చెబుతాడు. ఒంటి రంగు, లావు, నత్తి, జీతం, ఇంట్లోవాళ్లు మాత్రం అడక్కుండానే పక్కన పెట్టాల్సినవి. ఏదీ వద్దంటే ఏదీ వద్దు. పక్కన కూర్చుని నవ్వేవాడు కూడా గ్యాంగులోవాడే.

అపోహ: సరదాకే అన్నాం కాబట్టి తగల్లేదు.

వాస్తవం: అన్నవాళ్లు తమ ఎగతాళిని, పడ్డవాళ్లు లెక్కేసే దానికన్నా తేలిగ్గా లెక్కేస్తారని 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కాబట్టి "ఫీలయ్యావా?" అన్న ప్రశ్నకి వచ్చే జవాబు కన్నా రాకపోకలు చూడండి. మునుపు ముందొచ్చేవాడు చివర్లో వచ్చి ముందే వెళ్తున్నా, ఒక్కడితో బాగా మాట్లాడి గుంపులో మూగబోతున్నా ఆ వారం వాడి మీద జోకులు ఆపండి. తగిలిందని తేలితే విడిగా "నిన్న ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని ఒక్క ముక్క చెప్పి, వేరే కబుర్లలోకి వెళ్లండి. గుంపు భయం ఆఫీసు మీటింగులకీ, పెళ్లిళ్లకీ కూడా పాకితే అది స్నేహితులు సర్దేది కాదు, సైకాలజిస్టు చూడాల్సింది.