గాయం మచ్చలకు సిలికాన్ షీట్, విటమిన్ ఇ నూనె, ఉల్లి జెల్: అపోహలు – వాస్తవాలు

పోయిన ఎండాకాలం కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. మూకుడులో కాగుతున్న నూనె చింది ఎడమ ముంజేతి మీద పడింది. పుండు మానడానికి నాలుగు వారాలు పట్టింది. మానిన దగ్గర్నుంచి రోజూ రాత్రి ఆకుపచ్చ విటమిన్ ఇ క్యాప్సూల్‌కి సూదితో కన్నం పెట్టి, ఆ నూనె మచ్చకు రాస్తున్నారు. మూడో వారానికి ఒకటే దురద. "మందు పట్టుకుంటోంది కదా డాక్టరుగారూ, అందుకే దురదేమో అని ఇంకొంచెం ఎక్కువ రాశాను" అన్నారు.

చెయ్యి చూడగానే విషయం అర్థమైంది. మానుతున్న కాలిన మచ్చకు దురద మామూలే, కానీ ఆ దురద మచ్చలోనే ఉంటుంది. ఈవిడకు ఎరుపు మచ్చ అంచు దాటి, నూనె ఎంతమేర పాకిందో అంతమేరా మంచి చర్మం మీదికి కూడా వచ్చింది. సన్నటి పొక్కులు, ఒకచోట చెమ్మ. ఇది నూనె పడక వచ్చిన అలర్జీ.

అపోహ: విటమిన్ ఇ చర్మానికి మంచిది, కాబట్టి మచ్చకూ మంచిదే.

ఈ మాట మీద మంచి పరీక్షలే జరిగాయి. 1986లో కాలిన గాయాలకు సర్జరీ చేయించుకున్న 159 మంది మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి విటమిన్ ఇ, కొందరికి స్టెరాయిడ్ క్రీమ్, మిగిలినవారికి ఏ మందూ లేని ఉత్త క్రీమ్ ఇచ్చారు. మచ్చల్లో తేడా రాలేదు. 1999లో చర్మ క్యాన్సర్ గడ్డలు తీయించుకున్న 15 మంది మీద మరో ప్రయోగం జరిగింది. ఒకే మచ్చలో సగానికి మామూలు ఆయింట్‌మెంట్, మిగతా సగానికి అదే ఆయింట్‌మెంట్‌లో విటమిన్ ఇ కలిపి రాయించారు. ఏది ఏదో రోగికీ తెలియదు, చూసే డాక్టర్‌కీ తెలియదు. పదింట తొమ్మిది మచ్చల్లో విటమిన్ ఇ వల్ల ఉపయోగం లేదు, లేదా మచ్చ ఇంకా అధ్వానమైంది. మూడింట ఒక వంతు మందికి సరిగ్గా మా పేషెంటుకు వచ్చినలాంటి అలర్జీయే వచ్చింది.

15 మంది అంటే చిన్న ప్రయోగమే. అయినా ఉపయోగం కనబడక, అలర్జీ మాత్రం కనబడుతున్నప్పుడు నేను ఎవరికీ రాయమని చెప్పను. ఆ క్యాప్సూల్ మింగడానికి చేసింది, కొత్తగా మూసుకున్న పుండు మీద పొయ్యడానికి కాదు.

మరి "మా చెల్లికి తగ్గింది" అనేవాళ్ళ మాట అబద్ధమా? కాదు. మచ్చ దానంతట అదే ఏడాది, ఏడాదిన్నరపాటు మారుతుంది. మొదట ఎర్రబడి గట్టిపడుతుంది, తర్వాత మెత్తబడి రంగు తగ్గుతుంది. ఆ రోజుల్లో ఏది రాసినా, తగ్గిన పేరు దానికే వస్తుంది.

అపోహ: ఉల్లి జెల్ మచ్చను కరిగిస్తుంది.

ఈ జెల్‌లో కలిపే ఉల్లిసారంలో క్వెర్సెటిన్ అనే పదార్థం ఉంది. అది మచ్చ తయారుచేసే కణాలను నెమ్మదింపజేస్తుందని ల్యాబ్ పరిశోధనల్లో కనబడింది. ల్యాబ్ గిన్నెలోని కణాలు వేరు, మన చర్మం వేరు. ఈ జెల్ మీద వచ్చిన ఫలితాలు చదివేటప్పుడు నేను మొదట చూసేది, దాన్ని దేనితో పోల్చారు అన్నది. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో జెల్ రాసిన మచ్చ బాగుందన్నారు. కానీ రెండోవైపు మచ్చకు ఏమీ రాయలేదు. 2006లో 24 మంది మీద చేసిన ప్రయోగంలో మాత్రం మచ్చలో సగానికి ఉల్లి జెల్, సగానికి ఉత్త పెట్రోలియం జెల్లీ రాయించారు. రెండు సగాలకూ తేడా లేదు. అంతకుముందు 1999లో చేసిన చిన్న పరిశోధనలో అయితే ఎరుపు తగ్గింది పెట్రోలియం జెల్లీ రాసినవాళ్ళకే.

దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది, మేలు చేసేది చాలావరకు రుద్దడమూ, తేమ నిలవడమూ అని. ఉల్లితోపాటు హెపారిన్, అలాంటాయిన్ అనే మందులు కలిపిన జెల్స్ కూడా ఉన్నాయి. వాటికి అనుకూలంగా కొన్ని ఫలితాలు వచ్చాయి గానీ, నమ్మకంగా చెప్పేంత గట్టివి కావు. జెల్ పడితే పెద్ద హాని లేదు, కాబట్టి ఇప్పటికే కొన్నవాళ్ళను నేను ఆపమనను. ఇంట్లో ఉల్లిపాయ దంచి రసం పట్టించడం మాత్రం వద్దు. కొత్త చర్మం దానికి మండి, రేగిపోతుంది.

అపోహ: సిలికాన్ షీట్ రోజూ ఒక గంట అంటించుకుంటే చాలు.

సిలికాన్ షీట్ అంటే మచ్చ మీద అంటించుకునే మెత్తటి, పలచటి పట్టీ. ఈ మూడింటిలో నేను రాసిచ్చేది సిలికాన్ ఒక్కటే. 1980ల మొదట్లో కాలిన మచ్చల మీద దీని వాడకం మొదలైంది. 2002లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఉబ్బు మచ్చలకు దీన్ని మొదటి వరుసలో పెట్టింది. అలాగని రుజువు తిరుగులేనిదేమీ కాదు. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2013 సమీక్షలో 20 పరిశోధనలు, 873 మందిని కలిపి చూసి, మచ్చ ఉబ్బు కొంత తగ్గుతున్నట్టుంది గానీ పరిశోధనల నాణ్యత తక్కువ అని తేల్చింది. అదే సంస్థ 2021 సమీక్ష కూడా ఖాయంగా చెప్పలేమనే అంది. హాని తక్కువ, మేలు జరిగే వీలుంది, అందుకే రాసిస్తున్నాను.

సిలికాన్ చర్మంలోకి ఇంకదు, నొక్కీ పనిచేయదు. కొత్త మచ్చ పైపొర పలచగా ఉండి, లోపలి తేమ త్వరగా ఆవిరైపోతుంది. ఆ ఎండుదనానికి కింది కణాలు మచ్చను గట్టిపరిచే కొలాజెన్ అనే ప్రొటీన్‌ను అవసరానికి మించి తయారుచేస్తూ పోతాయని అంటారు. షీట్ ఆ తేమను ఆపుతుంది. అందుకే గంటతో పని జరగదు. రోజుకు కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలైనా ఉండాలి.

మా పేషెంటుకు ముందు నూనె మాన్పించి, వారం రోజులు స్టెరాయిడ్ క్రీమ్ ఇచ్చాను. అలర్జీ పూర్తిగా తగ్గాక, పక్కు గానీ చెమ్మ గానీ ఎక్కడా లేదని చూసుకుని షీట్ మొదలుపెట్టాం. మచ్చ చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండేలా కత్తిరించాం. మొదటి రెండు రోజులు నాలుగేసి గంటలు, తర్వాత మెల్లగా పెంచాం. పగలు పొయ్యి దగ్గర వేడికి, చెమటకు షీట్ ఊడిపోతుంది, కింద చెమటకాయలు లేస్తాయి. అందుకని రాత్రి దుకాణం కట్టేశాక తొమ్మిదింటికి పెట్టుకుని, పొద్దున తొమ్మిదింటికి తియ్యమన్నాను. తీశాక షీట్‌ను మామూలు సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. గుడ్డ నూగు అంటుకుంటే జిగురు పోతుంది. షీట్ కింద క్రీము గానీ నూనె గానీ ఉండకూడదు. ముఖం మీద, కీళ్ళ దగ్గర షీట్ నిలవని చోట సిలికాన్ జెల్ పలచగా రాసి ఆరనివ్వాలి.

నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఆవిడ ఫోన్‌తోనే ఫొటో తీశాం. రెండో నెలకు దురద తగ్గింది. నాలుగో నెలకు వేలితో తడిమితే అంచు తగలనంతగా అణిగింది. గోధుమ రంగు మాత్రం అలాగే ఉంది.

అపోహ: సిలికాన్ ఏ మచ్చకైనా పనిచేస్తుంది.

రంగుకు పనిచేయదు, దానికి ఎండ తగలకుండా చూసుకోవాలి. మొటిమల గుంటలకూ పనిచేయదు. చెవి తమ్మె మీదో, ఛాతీ మీదో, భుజం మీదో మచ్చ అసలు గాయం హద్దు దాటి పెరుగుతుంటే అది కీలాయిడ్. దానికి షీట్ ఒక్కటే సరిపోదు, సాధారణంగా మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వస్తుంది. అది చిన్నగా ఉన్నప్పుడే చర్మ డాక్టర్‌కు చూపించండి.