మిల్క్ సాలిడ్స్ అని ఉన్నంత మాత్రాన అది ఐస్‌క్రీమ్ కాదు: డబ్బా లేబుల్‌పై అపోహలు, వాస్తవాలు

పాల ఉత్పత్తుల ప్లాంటులో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసే నాకు ఎండాకాలం మొదలైందంటే బంధువుల నుంచీ ఇరుగుపొరుగు నుంచీ ఒకటే ప్రశ్న వస్తుంది: ఈ డబ్బాలో ఉన్నది అసలు ఐస్‌క్రీమేనా, కాదా? మొన్న మా వీధిలో ఉండే రిటైరైన మాస్టారు ఒకరు, మనవరాలి పుట్టినరోజుకు తెచ్చిన లీటరు డబ్బాను ఖాళీ అయ్యాక శుభ్రంగా కడిగి తుడిచి మా ఇంటికి పట్టుకొచ్చారు. “ఇది ఐస్‌క్రీమ్ కాదు, ఉత్త నూనె అంటున్నాడు బాబూ మా అల్లుడు. మరి మిల్క్ సాలిడ్స్ అని ఇంత స్పష్టంగా రాశారు కదా, చూడు” అని ఆ మాట మీద వేలు పెట్టి చూపించారు. ఆయన వేలికి సరిగ్గా ముందు, అదే వరుసలో “ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్ (పామ్ ఆయిల్)” అని ఉంది. డబ్బాను పక్కకు తిప్పితే చిన్న అక్షరాల్లో “ఫ్రోజెన్ డెసర్ట్” అని కూడా ఉంది. అది ఐస్‌క్రీమ్ కాదన్న అల్లుడి మాట నిజం, ఉత్త నూనె అన్నది అబద్ధం. పాలు ఉన్నాయన్న మాస్టారి మాట నిజం, కాబట్టి అది ఐస్‌క్రీమే అనుకోవడం పొరపాటు. నేను తరచుగా వినే అపోహలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: మిల్క్ సాలిడ్స్ అని ఉంటే అది ఐస్‌క్రీమే.

మిల్క్ సాలిడ్స్ అంటే పాలలోంచి నీరు తీసివేయగా మిగిలే ఘనపదార్థాలు. పాలకేంద్రంలో పాలు పోసే ప్రతి రైతుకూ ఇందులోని రెండు భాగాలు బాగా తెలుసు, ఎందుకంటే ఆయనకు వచ్చే డబ్బు వాటి మీదే ఆధారపడి ఉంటుంది. ఒకటి ఫ్యాట్, అంటే వెన్న. రెండోది ఎస్.ఎన్.ఎఫ్., అంటే వెన్న కాకుండా మిగిలిన ప్రొటీను, లాక్టోజ్ అనే పాల చక్కెర, ఖనిజ లవణాలు. లేబుల్ మీది మిల్క్ సాలిడ్స్ అనే మాటలో ఈ రెండూ ఉండవచ్చు, లేదా రెండోది మాత్రమే ఉండవచ్చు. వెన్న పూర్తిగా తీసేసిన స్కిమ్ మిల్క్ పౌడరు కూడా మిల్క్ సాలిడ్సే. అందువల్ల ఆ మాట ఒక్కటే చూస్తే డబ్బాలో పాల కొవ్వు ఉందో లేదో తేలదు.

మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు 10 శాతానికి, ప్రొటీను 3.5 శాతానికి తగ్గకూడదు. ఫ్రోజెన్ డెసర్ట్‌కు కూడా అవే రెండు అంకెలు వర్తిస్తాయి. తేడా ఎక్కడంటే, అందులోని కొవ్వు పూర్తిగా గానీ కొంతవరకు గానీ వంటనూనెల నుంచి రావచ్చు. ఆ నూనె 37 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగిపోయేదై ఉండాలన్న నియమం కూడా ఉంది. పోషక విలువల పట్టికలో రెండు డబ్బాలకూ కొవ్వు 10 గ్రాములు, ప్రొటీను 3.5 గ్రాములు అని కనిపిస్తే ఆశ్చర్యపోనవసరం లేదు. ఆ రెండు అంకెలను పోల్చి చూసి రెండూ ఒకటేనని తేల్చుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. పట్టిక కొవ్వు ఎంత ఉందో చెబుతుంది గానీ ఎక్కడిదో చెప్పదు. ఎక్కడిదో తెలియాలంటే పదార్థాల జాబితానే చదవాలి.

ఆ జాబితాను ఎలా చదవాలో ఒక లెక్కతో చూపిస్తాను. ప్లాంటులో 100 కిలోల ఫ్రోజెన్ డెసర్ట్ మిశ్రమం తయారు చేస్తున్నామనుకోండి. అందులో సుమారుగా 14 కిలోల పంచదార, 10 కిలోల పామ్ ఆయిల్, 10 కిలోల స్కిమ్ మిల్క్ పౌడరు, 3 కిలోల లిక్విడ్ గ్లూకోజ్, మిశ్రమం చిక్కగా నిలకడగా ఉండేలా చేసే స్టెబిలైజర్లు, కొవ్వూ నీరూ విడిపోకుండా కలిపి ఉంచే ఎమల్సిఫయర్లు అర కిలో వరకు వేస్తాం. మిగిలింది నీరు. పౌడరులో మూడో వంతుకు కాస్త పైగా ప్రొటీనే కాబట్టి, ఆ 10 కిలోలతో మూడున్నర కిలోల ప్రొటీను, అంటే చట్టం అడిగే 3.5 శాతం, సరిగ్గా సరిపోతుంది. ఫ్రోజెన్ డెసర్ట్ లేబుల్ మీద మిల్క్ సాలిడ్స్ కనిపించడానికి సాధారణంగా కారణం ఇదే. అవి కొవ్వు కోసం వేసినవి కావు.

ఇప్పుడు అదే మిశ్రమాన్ని ఐస్‌క్రీమ్‌గా మార్చాలంటే పామ్ ఆయిల్ తీసేసి, దాని బదులు క్రీమ్ గానీ వెన్న గానీ వేసి 10 కిలోల పాల కొవ్వు వచ్చేలా చూడాలి. అప్పుడు ఆ కొవ్వు, పౌడరు కలిసి మిల్క్ సాలిడ్స్ దాదాపు 20 కిలోలు అవుతాయి, పంచదార మాత్రం 14 కిలోల దగ్గరే ఉంటుంది. లేబుల్ మీద పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాయాలన్నది నియమం. కాబట్టి నీటిని పక్కన పెట్టి చూస్తే, ఐస్‌క్రీమ్ డబ్బా మీద మిల్క్ సాలిడ్స్ మొదట వచ్చి పంచదార తరువాత వస్తుంది. ఫ్రోజెన్ డెసర్ట్ మీద పంచదార ముందుంటుంది, ఆ పక్కన నూనె, నూనెకు అటో ఇటో మిల్క్ సాలిడ్స్ ఉంటాయి. మాస్టారి డబ్బా మీద ఉన్న వరుస కూడా ఇదే: నీరు, పంచదార, పామ్ ఆయిల్, మిల్క్ సాలిడ్స్.

అయితే ఈ వరుస ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కొందరు తయారీదారులు మిల్క్ సాలిడ్స్ అని కలిపి రాయకుండా పాలు, క్రీమ్, స్కిమ్ మిల్క్ పౌడరు అని విడివిడిగా రాస్తారు. అప్పుడు ఒక్కొక్కటీ వేరే చోట పడి, పంచదార ముందుకొచ్చినట్లు కనిపించవచ్చు. తుది తీర్పు చెప్పేది కొవ్వు మూలమే. మూల మిశ్రమంలో వెజిటబుల్ ఆయిల్ గానీ వెజిటబుల్ ఫ్యాట్ గానీ ఉంటే, పక్కన ఎంత క్రీమ్ రాసి ఉన్నా అది ఫ్రోజెన్ డెసర్టే.

మూల మిశ్రమంలో అని ప్రత్యేకంగా అనడానికి కారణం ఉంది. చాక్లెట్ పూత ఉన్న పుల్ల ఐస్‌లోనో, చాకో చిప్స్ కలిపిన డబ్బాలోనో, కోన్ లోపలి పూతలోనో వెజిటబుల్ ఫ్యాట్ ఉండవచ్చు. అది లేబుల్ మీద సాధారణంగా పూత పేరు పక్కన బ్రాకెట్లలో కనిపిస్తుంది. దాన్ని చూసి మోసమని గొడవపడనక్కర్లేదు. ఆ ప్రమాణాలు వర్తించేది లోపలి ఐస్‌క్రీమ్ భాగానికి. అలాగే మీడియం ఫ్యాట్, లో ఫ్యాట్ ఐస్‌క్రీమ్‌లలో కొవ్వు 10 శాతం కన్నా తక్కువే ఉంటుంది గానీ, ఉన్నంతవరకు అది పాల కొవ్వే.

ఇంకా అనుమానం తీరని వాళ్లు పోషక విలువల పట్టికలో కొలెస్ట్రాల్ గడి చూడవచ్చు. కొలెస్ట్రాల్ జంతు సంబంధమైన కొవ్వుల్లో ఉంటుంది, వంటనూనెల్లో దాదాపుగా ఉండదు. 10 శాతం పాల కొవ్వు ఉన్న ఐస్‌క్రీమ్‌లో 100 గ్రాములకు ఇంచుమించు 25 నుంచి 30 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. పామ్ ఆయిల్, స్కిమ్ మిల్క్ పౌడరుతో చేసిన దానిలో అది కొద్ది మిల్లీగ్రాములకు మించదు. గుడ్డు కలిపిన రకాలకు మాత్రం ఈ గుర్తు పనికిరాదు.

అపోహ: ఫ్రోజెన్ డెసర్ట్‌లో పాలే ఉండవు, కాబట్టి పాలు పడని వాళ్లు తినవచ్చు.

డబ్బు నష్టం కలిగించే పొరపాట్లను ఓపికగా వివరించగలను గానీ, ఈ మాట ఎవరైనా ధీమాగా చెబుతుంటే మాత్రం నాకు ఓపిక నశిస్తుంది. మా చెల్లెలి కొడుక్కి పాల ప్రొటీను పడదు. వాడికి నాలుగేళ్లప్పుడు ఒక పెళ్లిలో, “ఇది పాలది కాదమ్మా, నూనెతో చేసింది, భయపడకుండా పెట్టు” అని వడ్డించే అతను చెప్పిన మాట నమ్మి రెండు చెంచాలు పెట్టింది. పావుగంట తిరగకుండానే పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఆసుపత్రి దగ్గరలోనే ఉండబట్టి గండం గడిచింది. ఆ తరువాత చాలా రోజులు “నా చేతులతో నేనే పెట్టాను అన్నయ్యా” అని అది ఏడుస్తూనే ఉంది. తప్పు దానిది కాదు. అంత తేలిగ్గా చెలామణి అయ్యే ఒక పుకారుది.

పైన చెప్పిన లెక్కనే మళ్లీ చూడండి. 100 కిలోల మిశ్రమంలో వేసిన 10 కిలోల పౌడరులో మూడున్నర కిలోల పాల ప్రొటీను, సుమారు 5 కిలోల లాక్టోజ్ ఉన్నాయి. అంటే 100 గ్రాముల ఫ్రోజెన్ డెసర్ట్ తింటే, 100 మిల్లీలీటర్ల ఆవుపాలు తాగినప్పుడు లోపలికి వెళ్లేంత ప్రొటీనూ, ఇంచుమించు అంతే లాక్టోజూ వెళతాయి. తీసేసింది వెన్నను మాత్రమే. అలర్జీ తెప్పించేది ప్రొటీను, పాలు అరగని వాళ్ల కడుపు ఉబ్బించేది లాక్టోజ్, ఆ రెండూ అక్కడే ఉన్నాయి. అటువంటి పిల్లలున్న ఇంట్లో ముందుగా చూడవలసింది డబ్బా పేరు కాదు, పదార్థాల జాబితా కింద ఉండే అలర్జీ హెచ్చరిక. అక్కడ “కంటెయిన్స్ మిల్క్” అని ఉంటే ఇక చర్చ లేదు. పెళ్లిళ్లలో కప్పుల్లో వడ్డించేదానికి లేబులే కనిపించదు కాబట్టి, డబ్బా చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు.

అపోహ: ఫ్రోజెన్ డెసర్ట్ అంటే గడ్డకట్టిన వనస్పతి.

ఈ ప్రచారం మీద రెండు పెద్ద కంపెనీల మధ్య 2017లో బాంబే హైకోర్టులో వివాదం నడిచింది, ఆ తరహా ప్రకటనలను కోర్టు నిలిపివేయించింది. వనస్పతి అంటే కృత్రిమంగా గట్టిపరచిన నూనె. ఫ్రోజెన్ డెసర్ట్‌లో సాధారణంగా వాడేవి పామ్, పామ్ కెర్నెల్, కొబ్బరి నూనెలు. చల్లదనానికి గట్టిపడే గుణం వాటికి సహజంగానే ఉంటుంది. నూనెను అలా గట్టిపరచేటప్పుడు ఏర్పడే కృత్రిమ ట్రాన్స్ ఫ్యాట్‌కు 2022 నుంచి 2 శాతం పరిమితి కూడా ఉంది. ఇది చట్టబద్ధమైన, కాస్త చౌకైన వేరే పదార్థం. అలాగని నూనెతో చేసింది గుండెకు మేలన్న మాట కూడా నిలవదు. పాల కొవ్వులో మూడింట రెండు వంతుల దాకా సంతృప్త కొవ్వు ఉంటే, పామ్ ఆయిల్‌లో దాదాపు సగం ఉంటుంది, కొబ్బరి నూనెలో తొంభై శాతం దాకా ఉంటుంది. ఏ నూనె వాడారో బ్రాకెట్లో చదివి నిర్ణయించుకోవాలి.

అపోహ: త్వరగా కరిగితే ఐస్‌క్రీమ్, కరగకపోతే నకిలీ.

కరిగే వేగాన్ని నిర్ణయించేవి ముఖ్యంగా గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ వంటి స్టెబిలైజర్లు, ఎమల్సిఫయర్లు, చిలికేటప్పుడు లోపల నింపిన గాలి. అసలైన పాల ఐస్‌క్రీమ్ కూడా చాలాసేపు ఆకారం చెడకుండా నిలబడగలదు. ప్లేటులో పెట్టి గడియారం చూసే వీడియోలతో ఏమీ తేలదు. ప్రయోగశాలలో మేము కూడా కరగడం చూసి నిర్ణయించం. కొవ్వును వేరు చేసి, పాల కొవ్వులో ఉండే బ్యుటిరిక్ ఆమ్లం ఎంత ఉందో, మొక్కల నూనెల్లో ఉండే స్టెరాల్స్ ఉన్నాయో లేవో చూస్తాం.

మాస్టారు వెళ్లేటప్పుడు ఆ డబ్బాను మళ్లీ ఒకసారి తిప్పి, కళ్లజోడు సవరించుకుని, ఆ చిన్న అక్షరాలను బిగ్గరగా చదువుకున్నారు. తరువాతి వారం దుకాణం నుంచి ఫోన్ చేశారు. “మిల్క్ సాలిడ్స్ మొదట ఉంది బాబూ, తరువాత షుగర్ ఉంది, నూనె మాట ఎక్కడా లేదు. తీసుకోనా?” అని అడిగారు. తీసుకోమన్నాను.