పదోన్నతి పోస్టులో థ్రిల్డ్, ప్యాషనేట్, సినర్జీ: అపోహలు - వాస్తవాలు

పదోన్నతి వచ్చినప్పుడో, కొత్త ఉద్యోగంలో చేరినప్పుడో లింక్డ్ఇన్‌లో పెట్టే పోస్టులను దిద్దిపెట్టడం విజయవాడలో నేను చేసే పనిలో ఒక భాగం. రాసినవారు ఐటీ ఉద్యోగులైనా, ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణంలో లెక్కలు చూసేవారైనా, చిత్తుప్రతిలో థ్రిల్డ్, ప్యాషనేట్, సినర్జీ అనే మూడు మాటలూ తరచుగా ఎదురవుతాయి. వాటిని తీసేయమన్నప్పుడు వచ్చే అభ్యంతరాల వెనుక కొన్ని అపోహలున్నాయి. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా ఉండి ఇటీవల ఆపరేషన్స్ మేనేజరు అయిన యువతి పోస్టును ఉదాహరణగా తీసుకుని వాటిని పరిశీలిద్దాం.

అపోహ: ఈ మాటలు లేకపోతే పోస్టు హుందాగా, వృత్తిపరంగా కనిపించదు.

వాస్తవం: ఆమె మొదట రాసిన పోస్టు సారాంశం ఇది: "ఆపరేషన్స్ మేనేజరుగా పదోన్నతి పొందానని చెప్పడానికి థ్రిల్ అవుతున్నాను. కోల్డ్ చైన్ రంగం పట్ల ప్యాషన్ ఉన్న నేను, అద్భుతమైన టీమ్ సినర్జీతో సామర్థ్యాన్ని 40 శాతం పెంచగలిగాను." ఇందులో ఆమె హోదానూ, రంగం పేరునూ చేత్తో మూసి చదివితే, ఇది బ్యాంకు ఉద్యోగికీ, ఆసుపత్రి నిర్వాహకుడికీ సమానంగా సరిపోతుంది. ఎవరికైనా సరిపోయే పోస్టు చదివి ఆమె గురించి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. పైగా లింక్డ్ఇన్‌లో పొడవైన పోస్టు మొదట కొన్ని పంక్తులే కనిపిస్తుంది. మిగతాది చదవాలంటే నొక్కి తెరవాలి. ఆ కొద్ది చోటును థ్రిల్ అవుతున్నానన్న వాక్యానికి ఇచ్చేస్తే, తెరిచి చదవాల్సిన కారణం పాఠకుడికి దొరకదు.

ఇలాంటి మాటను కొట్టేసి ఊరుకుంటే పోస్టు బోసిపోతుంది కాబట్టి, నేను ఒక్కొక్క మాటకూ ఒక ప్రశ్న వేస్తాను. ప్యాషనేట్ అని రాస్తే, ఎవరూ చెప్పకుండానే మీరు చేసిన పని ఏమిటని అడుగుతాను. థ్రిల్డ్ అని ఉంటే, నిన్నటిదాకా మీ చేతిలో లేనిదేది రేపటి నుంచి మీ బాధ్యత అవుతుందని అడుగుతాను. సినర్జీ అని రాసినచోట ఏ ఇద్దరి మధ్య, ఏ కాగితం లేదా ఏ సరుకు చేతులు మారుతుందో చెప్పమంటాను. నా అనుభవంలో ఎక్కువ సమయం పట్టేదీ, ఎక్కువ ఫలితమిచ్చేదీ ఈ చివరి ప్రశ్నే.

ఆమె విషయంలో అదే జరిగింది. ఆ కోల్డ్ స్టోరేజీకి రైతుల మిర్చి టిక్కీలు లారీల్లో వస్తాయి. గేటు దగ్గర గుమస్తా కాటా వేయించి, రైతు పేరు, లాటు నంబరు, టిక్కీల సంఖ్య రిజిస్టరులో ఎక్కిస్తాడు. లోపల హమాలీ మేస్త్రీ ఖాళీ ఉన్న చోట దింపిస్తాడు. ఏ ఛాంబరులో, ఏ అంతస్తులో, ఏ వరుసలో దింపారన్నది మేస్త్రీకి గుర్తుండేదే తప్ప రిజిస్టరులో ఉండేది కాదు. నెలల తరువాత రైతు సరుకు అమ్ముకుని డెలివరీకి వచ్చినప్పుడు, ఆ రోజు మేస్త్రీ సెలవులో ఉంటే లాటు వెతకడానికే పూట గడిచిపోయేది. ఆమె చేసిన మార్పు చిన్నది. గేటు స్లిప్పు లారీతో పాటే ఛాంబరు దాకా వెళ్తుంది. సరుకు దించగానే మేస్త్రీ చెప్పిన చోటును సూపర్‌వైజరు స్లిప్పు వెనుక రాస్తారు. ఆ స్లిప్పు ఆఫీసుకు చేరిన తరువాతే ఖాళీ లారీని బయటకు వదులుతారు. చివరి షరతు లేకపోతే స్లిప్పులు జేబుల్లోనే ఉండిపోతాయని ఆమె చెప్పినప్పుడు, పని తెలిసిన మనిషి ఎవరో ఆ ఒక్క వివరంతోనే అర్థమైంది.

స్లిప్పు వెనుక రాయవచ్చన్న ఆలోచన మేస్త్రీదని కూడా ఈ సంభాషణలోనే బయటపడింది. టీమ్ సినర్జీ అన్న మాట కింద ఆయన పూర్తిగా కనుమరుగయ్యాడు. ఆ మాటతో నాకున్న అసలు అభ్యంతరం ఇదే: అది పనిని దాచడమే కాదు, పని చేసిన మనిషిని కూడా దాచేస్తుంది. అందరికీ కలిపి చెప్పే ధన్యవాదాలదీ ఇదే పరిస్థితి. ఎవరు ఏం చేశారో ఒక్క వాక్యంలో చెప్పి కృతజ్ఞత తెలిపితే, అది ఆ వ్యక్తికి చేరుతుంది. అయితే పేరు రాసే ముందు ఆయన అనుమతి అడగాలి.

అపోహ: నిర్దిష్టంగా రాయడమంటే అంకెలు వేయడమే.

వాస్తవం: సామర్థ్యం 40 శాతం పెరిగిందన్నది దేనితో పోల్చి లెక్క కట్టారని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. వేరే పోస్టుల్లో అలాంటి అంకెలు చూసి వేశారు. ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న వస్తే ఆ అంకె ఆమెకు మేలు కన్నా కీడే చేస్తుంది. పోస్టులో వేసే ప్రతి అంకెకూ ఏది కొలిచారు, దేనితో పోల్చారు, ఏ కాగితంలో ఉంది అన్న మూడింటికీ సమాధానం ఉండాలి. అదృష్టవశాత్తూ డెలివరీ చీటీల మీద రైతు అడిగిన సమయం, సరుకు గేటు దాటిన సమయం రెండూ ఉన్నాయి. కొన్ని వారాల చీటీలు చూసుకుని, పూట పట్టే వెతుకులాట చాలా లాట్లకు అరగంటలోపుకు వచ్చిందని ఆమె తేల్చుకున్నారు. శాతం పోయి గంటలు వచ్చాయి. కొలత లేని పనికి అంకె వేయనక్కరలేదు. ముందు ఎలా జరిగేది, ఇప్పుడు ఎలా జరుగుతోంది అని చెబితే చాలు.

దిద్దిన తరువాత పోస్టు ఇలా తయారైంది:

"మా కోల్డ్ స్టోరేజీలో ఒక రైతు లాటును వెతకడానికి పూట పట్టిన రోజులున్నాయి. ఈ సీజన్‌లో దించిన సరుకు వరకు చాలా లాట్లు అరగంటలోపు దొరుకుతున్నాయి. సరుకు ఎక్కడ దించారో గేటు స్లిప్పు వెనుకే రాయవచ్చన్న ఆలోచన మా హమాలీ మేస్త్రీది; ఆ స్లిప్పు ఆఫీసుకు చేరేదాకా లారీని వదలకూడదన్న నియమం నేను పెట్టాను. ఈ నెల నుంచి ఆపరేషన్స్ మేనేజరుగా అన్ని ఛాంబర్ల బాధ్యత చూస్తున్నాను. పాత సీజన్ల సరుకును కూడా ఈ పద్ధతిలోకి తేవడం ముందున్న పని. సంతోషంగా ఉంది."

'ఈ సీజన్‌లో దించిన సరుకు వరకు' అన్న పరిమితిని తీసేద్దామని ఆమె అన్నారు గానీ, నేను ఉంచమన్నాను. ఎంతవరకు సాధించారో హద్దు గీసి చెప్పినవారి మాటను ఆ రంగంలోని వారు నమ్ముతారు.

అపోహ: వృత్తి పదాలన్నీ తీసేయాలి.

వాస్తవం: కోల్డ్ చైన్, ఇన్వెంటరీ వంటివి ఆ రంగంలో ఒక నిర్దిష్టమైన పనిని సూచించే పదాలు. నియామకాలు చేసేవారు ప్రొఫైళ్లను వెతికేదీ హోదాలతోనూ, ఇలాంటి పదాలతోనూ కాబట్టి వాటిని ఉంచాలి. ఆ పదం తీసేస్తే వాక్యంలో సమాచారం తగ్గుతుందా అని చూసుకుంటే తేడా తెలుస్తుంది. సినర్జీని తీసేస్తే ఏమీ తగ్గదు.

అపోహ: వివరాలు రాస్తే సంస్థ రహస్యాలు బయటపడతాయి.

వాస్తవం: ఈ జాగ్రత్త అవసరమైనదే, కానీ అది కొన్ని వివరాలకే వర్తిస్తుంది. రైతుల, వ్యాపారుల పేర్లు, నిల్వ ఉన్న టిక్కీల సంఖ్య, అద్దె ధరలు రాయకూడదు. పని జరిగే తీరు, అందులో వచ్చిన మార్పు సాధారణంగా చెప్పదగినవే. అయినా పోస్టు పెట్టే ముందు యజమానికి ఒకసారి చూపించడం మంచిది. పూట పట్టిన రోజుల ప్రస్తావన ఆయనకు నచ్చకపోతే, మొదటి వాక్యాన్ని వదిలేసి రెండో వాక్యంతోనే మొదలుపెట్టవచ్చు; అరగంట అన్న వివరం, మేస్త్రీ ప్రస్తావన అప్పటికీ చెక్కుచెదరవు.