తెల్ల గీతలు, తగ్గని మంట: జననాంగాల లైకెన్ ప్లానస్‌పై అపోహలు, వాస్తవాలు

అపోహ: కింద మంట, పుండ్లు ఉంటే అది ఫంగసే. లేదంటే భర్త నుంచి అంటుకున్నదే.

వాస్తవం: నలభై ఆరేళ్ల ఒకావిడ ఇదే నమ్మి రెండేళ్లు ఫంగస్ మాత్రలు, క్రీములు వాడారు. ఇంట్లో అనుమానాలు, గొడవలు కూడా అయ్యాయట. మూత్రం తగిలితే మంట, కలయిక అంటే భయం. పరీక్షలో యోని ద్వారం దగ్గర పైపొర లేచిపోయి ఎర్రగా నిగనిగలాడుతోంది, దాని అంచున సన్నని తెల్లని అల్లిక. "నోట్లో కారం తగిలితే మండుతుందా?" అని అడిగాను. చిగుళ్లు ఏడాదిగా పొరలు ఊడుతున్నాయట. అది పళ్ల సమస్య అనుకుని నాకు చెప్పలేదు. నిజానికి రెండూ లైకెన్ ప్లానస్ అనే ఒకే జబ్బు. అందుకే ఇలాంటి మంటతో ఎవరొచ్చినా నేను నోరు చూడకుండా పంపను.

మన రోగనిరోధక కణాలే చర్మం పైపొర అడుగున ఉన్న కణాల మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. ఎవరికీ అంటదు. మగవాళ్లలో శిశ్నం కొన మీద ఊదారంగు మచ్చలుగానో, ఉంగరంలాగానో, తెల్లని వలలాగానో కనిపించవచ్చు. సందేహం ఉంటే మత్తు ఇచ్చి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తాం. పుండు మధ్యలోంచి తీస్తే పైపొరే ఉండదు కాబట్టి ఏమీ తేలదు, అంచు నుంచి తీయాలి.

అపోహ: అంత నాజూకైన చోట స్టీరాయిడ్ రాయకూడదు.

వాస్తవం: ఆవిడకు రాసిన మొదటి మందు క్లోబెటసాల్ అనే బలమైన స్టీరాయిడ్, 0.05 శాతం ఆయింట్‌మెంట్. రెండు వారాలు రాసి, డబ్బాలోని కాగితంలో "జననాంగాలపై వాడరాదు" అని చదివి ఆపేశారు. మళ్లీ మొదటికొచ్చింది. ఈ జబ్బుకు మాత్రం డాక్టర్ పర్యవేక్షణలో అదే ముఖ్యమైన మందు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన దాంట్లో సగం చాలు, రోజూ రాత్రి ఒక్కసారి. ఇలా వాడితే 30 గ్రాముల ట్యూబు దాదాపు నాలుగు నెలలు వస్తుంది. అంతకంటే ముందే అయిపోతే ఎక్కువ రాస్తున్నట్టు, సగం మిగిలితే భయపడి మానేసినట్టు. అందుకే ట్యూబు కూడా తెమ్మంటాను. మంట తగ్గాక రోజు మార్చి రోజు, తర్వాత వారానికి రెండుసార్లకు దించుతాం.

క్రీము కంటే ఆయింట్‌మెంట్ తక్కువ మండుతుంది. మెడికల్ షాపులో ఇచ్చే, స్టీరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీము మాత్రం వద్దు. సబ్బు మానేసి మామూలు నీళ్లతో కడుక్కోవాలి. క్లోబెటసాల్‌కు లొంగకపోతే టాక్రోలిమస్ అనే స్టీరాయిడ్ కాని పూత, అప్పటికీ పుండ్లు మానకపోతే మాత్రలు ఉంటాయి.

అపోహ: నొప్పి పోయింది, ఇక డాక్టర్‌తో పనిలేదు.

వాస్తవం: పుండు మానుతూనే యోని లోపలి గోడలు అతుక్కుని దారి ఇరుకవ్వచ్చు. అలా పడిన మచ్చను మందు వెనక్కి తేలేదు. అందుకే అవసరమైనవాళ్లకు, దారి మూసుకుపోకుండా లోపల పెట్టుకునే డైలేటర్ అనే సాధనం వాడటం ముందే నేర్పిస్తాం. కొద్దిమందిలో అదే చోట క్యాన్సర్ రావచ్చు. గట్టి గడ్డ తగిలినా, మందు వాడుతున్నా ఒక పుండు మానకపోయినా మళ్లీ బయాప్సీ చేయాల్సిందే. తెల్ల గీతలు మిగిలిపోయినా, నొప్పి లేకపోతే వాటిని పోగొట్టాలని మందు పెంచం.