క్రియలతో కుదిరే ప్రాస: పాదం మొదటి నుంచి చివరికి ఎలా వచ్చింది

కొత్తగా పాటలు రాసేవాళ్ల నోట్‌బుక్ తెరిస్తే ఎక్కువగా కనిపించే పద్ధతి ఇది:

వాన నిన్న వచ్చింది
వీధి నేల తడిసింది
మనసు లోన కదిలింది
పాట ఒకటి పుట్టింది

ప్రతి పాదానికీ పదకొండు మాత్రలు, 3+3+5 నడక. ట్యూన్‌లో చక్కగా కూర్చుంటుంది. కానీ చివరున్న ‘ఇంది’ తీసేసి చూడండి. వచ్చు, తడియు, కదులు, పుట్టు. వీటిలో ఏ రెండూ కలవవు. అంటే ఇక్కడ ప్రాస కుదిర్చింది కవి కాదు, వ్యాకరణం. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది, ఆ క్రియ కర్తను బట్టి ప్రత్యయం తెచ్చుకుంటుంది. భూతకాలంలో ‘నేను’ అని మొదలుపెడితే పాటంతా ‘ఆను’, ‘వాడు’ అంటే పాటంతా ‘ఆడు’. వెతక్కుండానే దొరికే ప్రాస కాబట్టే, రెండో చరణానికల్లా చెవికి ఆనడం మానేస్తుంది.

పాత పద్యానికి ఈ చిక్కు లేదు. నన్నయ కాలం నుంచి ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. కందంలోనైనా, ఉత్పలమాల వంటి వృత్తాల్లోనైనా నాలుగు పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. దాని మీద అచ్చు ఏదైనా ఫర్వాలేదు. దాని ముందున్న అక్షరం మాత్రం నాలుగు పాదాల్లోనూ గురువో లఘువో ఒకేలా ఉండాలి. తేటగీతి, ఆటవెలది, సీసాలకు ఈ నియమం లేదు కానీ, వాటిలోనూ పాదం చివర ప్రాస కావాలని ఎవరూ అడగలేదు. వాక్యం పాదం మధ్యలో ఆగినా, తర్వాతి పాదంలోకి పొర్లినా తప్పు కాదు.

దీనివల్ల జరిగిందేమిటంటే, ప్రాసస్థానం పదం మొదట్లో, అంటే ధాతువు ఉండే చోట పడింది. క్రియా ప్రత్యయం అంత ముందుకు రావడం అరుదు. కాబట్టి కవి అసలు మాటల్నే వెతకాల్సి వచ్చేది. పాదాంతంలో ప్రాస కోరే దేశి ఛందస్సులు లేకపోలేదు. రగడలో రెండేసి పాదాలకు అంత్యప్రాస ఉంటుంది, కానీ దానితోపాటు రెండో అక్షరం ప్రాస కూడా ఉంటుంది. చివర తేలికైనా మొదట బరువు ఉండేది.

మాత్రల నడకతో గేయం, ఆపైన సినిమా పాట బలపడ్డాక రెండో అక్షరం నియమం సడలిపోయింది. ట్యూన్ ముందు కట్టి మాటలు తర్వాత రాసే పద్ధతిలో స్వరం ఆగేచోట మాట ఆగాలి, ఆ మాట వెనకటి దానితో కలవాలి. అలా ప్రాస భారమంతా పాదం చివరికి చేరింది. సరిగ్గా అక్కడే మన క్రియ కాచుకుని ఉంది. మొదటి ప్రాసను వదిలినందుకు నాకు బాధ లేదు. దానితోపాటు ధాతువును వెతికే అలవాటు కూడా పోయింది, అదే అసలు నష్టం.

ఆ అలవాటును పాదం చివరికి తెచ్చుకోవచ్చు. పైన రాసిన నాలుగు పాదాల్నే అదే నడకలో మళ్లీ కడదాం:

రాలె నిన్న తొలిచినుకు
చెదిరె కనుల చిరుకునుకు
ఆగె గడప దరి అడుగు
మూల ఒదిగె తడిగొడుగు

క్రియ ముందుకు జరిగింది, పాదం చివర నామవాచకాలు నిలిచాయి. చినుకు–కునుకు, అడుగు–గొడుగు ప్రత్యయాల వల్ల కాక మాటలుగానే కలిశాయి. పైగా ‘పాట పుట్టింది’ అన్న అరిగిపోయిన మాట పోయి గొడుగు వచ్చింది. మంచి ప్రాస కోసం వెతుకుతుంటే వస్తువులు ఇలాగే దొరుకుతాయి.

ఇందులోనూ ఒక లోపముంది. రాలె, చెదిరె, ఆగె అని వరసగా మొదలయ్యేసరికి మూస చివరి నుంచి మొదటికి మారింది. పైగా ఇవి మాట్లాడుకునే రూపాలు కావు. పైకి చదివితే ఈ కృతకత్వం వెంటనే తెలుస్తుంది. నాలుగో పాదాన్ని ‘మూలనున్న తడిగొడుగు’ అంటే మాత్రలు చెడవు, సమాపక క్రియే అక్కర్లేదు.

క్రియతోనే ముగించక తప్పనప్పుడు ధాతువుల్ని కూడా కలపాలి. పుట్టింది–కదిలింది కాదు, కదిలింది–వదిలింది. ‘ఇంది’ కొట్టేసినా ‘దిల్’ మిగులుతుంది. పగిలింది, మిగిలింది, రగిలింది, తగిలింది ఇలాంటి మరో కుటుంబం. పాత ప్రాస నియమం ఇక్కడ తోకలో పనిచేస్తోంది: పగిలింది–మిగిలింది జంటలో రెండో అక్షరం గకారమే, దాని ముందు రెండు చోట్లా లఘువే.