గ్రీడీ పద్ధతి కేబుల్‌కు పనికొచ్చి, సంచికి ఎందుకు పనికిరాదు? అపోహలు – వాస్తవాలు

అపోహ: ఊళ్లన్నిటినీ అతి తక్కువ కేబుల్‌తో కలపాలంటే సాధ్యమైన అమరికలన్నిటినీ లెక్కవేసి పోల్చాలి.

వాస్తవం: ఆ అవసరం లేదు. చెక్ గణితవేత్త ఒటకర్ బొరూవ్కా మొరావియా ప్రాంతపు విద్యుదీకరణలో ఎదురైన ఈ సమస్యకు 1926లోనే పరిష్కారం ప్రచురించారు. నేడు తరగతుల్లో ఎక్కువగా చెప్పే పద్ధతి 1956లో జోసెఫ్ క్రస్కల్ ఇచ్చినది. అందులో మార్గాలను పొడవు ప్రకారం పేర్చుకొని, చిన్నదానితో మొదలుపెట్టి, ఇప్పటికే ఒకే గుంపులో ఉన్న రెండు ఊళ్లను మళ్లీ కలిపే మార్గాన్ని మాత్రం వదిలేస్తూ పోవాలి. ఇలా ప్రతి అడుగులోనూ అప్పటికి మేలైనదాన్ని ఎంచుకుంటూ పోవడమే గ్రీడీ పద్ధతి.

క, చ, ట, త, ప అనే ఐదు ఊళ్ల మధ్య వేయగల మార్గాలు ఇవీ అనుకుందాం: త–ప 2 కి.మీ., క–చ 3, చ–ట 4, క–ట 5, ట–త 6, చ–త 7, ట–ప 8. మొదటి మూడూ తీసుకుంటాం. క, ట ఊళ్లు చ మీదుగా అప్పటికే కలిసిపోయాయి కనుక క–టను వదిలేసి ట–తను తీసుకుంటాం. మొత్తం 15 కి.మీ.

అపోహ: రెండు ఊళ్లకూ కేబుల్ చేరిపోయి ఉంటే వాటి మధ్య మార్గం అనవసరం.

వాస్తవం: విద్యార్థుల ప్రోగ్రాముల్లో నాకు తరచుగా కనిపించే తప్పు ఇదే. ట, త రెండింటికీ కేబుల్ చేరి ఉన్నా అవి వేర్వేరు గుంపులు. ట–తను వదిలేసే ప్రోగ్రాము అదే కారణంతో చ–తను, ట–పను కూడా వదిలేసి, చివరకు మూడు తీగలతో రెండు ముక్కల వలను ఇస్తుంది. ఐదు ఊళ్లకు సరిగ్గా నాలుగు తీగలు రాకపోతే తప్పు జరిగినట్టే.

అపోహ: ఇక్కడ గెలిచిన గ్రీడీ పద్ధతి, పరిమిత బరువు పట్టే సంచిని అత్యధిక విలువ వచ్చేలా నింపే నాప్‌శాక్ సమస్యలోనూ గెలుస్తుంది.

వాస్తవం: కేబుల్ విషయంలో అది గెలవడానికి కారణం మార్పిడి. త–ప లేని అమరిక ఏదైనా ఉంటే, దానికి త–పను చేర్చగానే ఒక వలయం ఏర్పడుతుంది. ఆ వలయంలోంచి మరో తీగను తీసేసినా ఊళ్లు విడిపోవు, తీసేసినది 2 కి.మీ. కంటే పొట్టిదీ కాదు. తర్వాతి ప్రతి ఎంపికకూ ఇదే వాదన వర్తిస్తుంది, ఎందుకంటే ఒక తీగ స్థానంలో ఎప్పుడూ ఒక్క తీగే వస్తుంది.

సంచిలో ఆ మార్పిడి కుదరదు. 10 కిలోలు పట్టే సంచి, విడదీయరాని మూడు పెట్టెలు ఉన్నాయనుకోండి: 6 కిలోలది ₹66, 5 కిలోలవి రెండు, ఒక్కొక్కటి ₹50. కిలోకు ₹11 చొప్పున మొదటి పెట్టె ముందుంటుంది. దాన్ని పెట్టగానే మిగిలిన 4 కిలోల ఖాళీలో మరేదీ పట్టదు, రాబడి ₹66 దగ్గరే ఆగిపోతుంది. రెండు చిన్న పెట్టెలు పెడితే ₹100 వచ్చేది. పెట్టెలకు బదులు బియ్యంలా విడదీయగల సరుకైతే, ఆ ఖాళీని రెండో రకంతో నింపి ₹106 పొందవచ్చు. అప్పుడు గ్రీడీ పద్ధతే సరైనది.

పెట్టెలు విడదీయరానివైనప్పుడు, బరువులు పూర్ణాంకాలైతే, ప్రతి సామర్థ్యానికీ ఉత్తమ విలువను పట్టికగా నింపే డైనమిక్ ప్రోగ్రామింగ్ కచ్చితమైన జవాబు ఇస్తుంది. అయితే సంచి సామర్థ్యాన్ని కిలోలకు బదులు గ్రాముల్లో కొలిస్తే ఆ పట్టిక వెయ్యి రెట్లు పెరుగుతుంది.